రాగి గనుల్లో పక్కగా వచ్చే బంగారం: ధర డబుల్ అయినా మిల్లు అదే, రాయి అదే

ప్రశ్న: "బంగారం ధర ఇంతలా పెరిగింది కదా, మరి రాగి, వెండి గనుల్లో బైప్రొడక్ట్‌గా వచ్చే బంగారం ఎందుకు పెరగట్లేదు? ఎలాగూ అదే రాయిలో ఉంది, ఇంకొంచెం ఎక్కువ తీస్తే సరిపోతుంది కదా?"

నేను చాలా ఏళ్ళు రాగి గనుల కాన్సంట్రేటర్లలో, అంటే రాయిని నూరి లోహం ఉన్న భాగాన్ని వేరుచేసే ప్లాంట్లలో, మెటలర్జిస్ట్‌గా పనిచేశాను, ఆ తర్వాత కొంతకాలం కాన్సంట్రేట్ అమ్మే వైపు కూడా ఉన్నాను. ఈ "ఇంకొంచెం ఎక్కువ తీయండి" అనే మాట బంగారం ధర ఎగిరిన ప్రతిసారీ పైనుంచి మా దాకా వచ్చేది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, లెక్కతో సహా చెప్తే తప్ప ఇది మనసుకి ఎక్కదు.

ముందు ఆ బంగారం ఎక్కడ ఉంటుందో చూడండి. పోర్ఫిరీ రకం రాగి గనిలో, అంటే పెద్ద రాతి భాగమంతా రాగి పలచగా చెదిరి ఉండే గనిలో, బంగారం మనకి కంటికి కనపడే ముక్కల్లా ఉండదు, చాల్కోపైరైట్, బోర్నైట్ లాంటి రాగి ఖనిజాలకి అంటుకుని, వాటి లోపల చిక్కుకుని, మైక్రాన్ల సైజులో ఉంటుంది. రాయిని పగలగొట్టి, మిల్లుల్లో పిండిలా నూరి, నీళ్ళలో కలిపి, రసాయనాలు వేసి గాలి ఊదితే రాగి ఖనిజాలు నురగకి అంటుకుని పైకి తేలతాయి, దాన్నే ఫ్లోటేషన్ అంటాం. ఆ నురగ ఎండబెడితే వచ్చేదే కాన్సంట్రేట్. బంగారం దాంట్లో రాగితో పాటు ఎక్కి వచ్చేస్తుంది, దానికంటూ విడిగా ఒక లైన్ చాలా గనుల్లో ఉండదు. ఆ కాన్సంట్రేట్ స్మెల్టర్‌కి వెళ్ళి, అక్కడ కరిగి ఆనోడ్ అయ్యి, ఎలక్ట్రోలైటిక్ ట్యాంకుల్లో రాగి కరిగి అవతలి ప్లేటుకి పోయాక అడుగున మిగిలే నల్లటి బురదలో బంగారం, వెండి దొరుకుతాయి. అంటే గని నుంచి బయటికొచ్చిన బంగారం కడ్డీ అయ్యేసరికి నెలలు పడుతుంది, దారిలో ఎక్కడా "బంగారం ఎక్కువ కావాలి" అని తిప్పే కుళాయి లేదు.

ఇప్పుడు లెక్క. ఇవి ఒక గని అంకెలు కావు, కానీ చాలా పోర్ఫిరీ గనులకి దగ్గరగా ఉండేలా తీసుకున్నా. ఒక టన్ను రాయిలో 0.5 శాతం రాగి, అంటే 5 కిలోలు. మిల్లు దాంట్లో 88 శాతం పట్టుకుంటుంది అనుకుందాం, 4.4 కిలోలు చేతికి వస్తాయి. రాగి టన్ను 9,000 డాలర్లయితే అది దాదాపు 40 డాలర్లు. అదే టన్నులో బంగారం 0.25 గ్రాములు, దాంట్లో 65 శాతం పట్టుకుంటే 0.16 గ్రాములు. ఔన్సు 2,000 డాలర్ల దగ్గర గ్రాము 64 డాలర్లు, అంటే బంగారం వాటా 10 డాలర్లు. స్మెల్టర్ కోతలు ప్రస్తుతానికి పక్కన పెడదాం. టన్నుకి మొత్తం 50 డాలర్లు, అందులో నలభై రాగిది.

ఇప్పుడు బంగారం ధర డబుల్ చేయండి. టన్ను విలువ 50 నుంచి 60 అయింది. ఈ గని రోజుకి లక్ష టన్నులు నూరుతుంది అనుకుంటే రోజుకి పది లక్షల డాలర్లు అదనంగా వస్తున్నాయి, చిన్న సంగతేం కాదు. కానీ బంగారం ఎంత వస్తుంది? నిన్న 16 కిలోలు, ఇవాళ కూడా 16 కిలోలే. ఎందుకంటే మిల్లు నిన్న కూడా ఫుల్లుగానే తిరుగుతోంది. రాగి గనిలో అతి ఖరీదైన వస్తువు ఆ మిల్లు, దాన్ని ఒక్క గంట ఆపినా పై మేనేజర్ల ఫోన్లు మోగుతాయి, కాబట్టి ఖాళీగా పెట్టిన కెపాసిటీ అంటూ ఏమీ ఉండదు. పది శాతం ఎక్కువ నూరాలంటే కొత్త మిల్లు, దానికి కరెంటు, దానికి నీళ్ళు, ఆ వచ్చే బురద పోయడానికి టైలింగ్స్ డ్యామ్ ఎత్తు పెంచడం, వాటన్నిటికీ పర్మిషన్లు, వెరసి ఏళ్ళు. ఆ ఖర్చు పెట్టాలా వద్దా అని బోర్డు కూర్చుని చూసేది విలువలో ఎనభై శాతం ఉన్న రాగి వచ్చే ఇరవై ఏళ్ళలో ఎలా ఉంటుంది అన్నదే. బంగారం ఆ షీట్‌లో ఒక లైన్, అంతే.

ఇందులో ఇంకో విషయం ఉంది, బయటివాళ్ళకి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. ధర పెరిగితే కటాఫ్ గ్రేడ్, అంటే గిట్టుబాటు కావడానికి రాయిలో ఉండాల్సిన కనీస లోహం పాలు, కిందకి దిగుతుంది. అంటే మిల్లులో వేయడానికి టన్నుకి 15 డాలర్ల ఖర్చు ఉందనుకోండి, ఆ 15 కూడా రాని రాయిని చెత్త కింద డంప్‌కి పంపుతారు. 0.12 శాతం రాగి, 0.1 గ్రాము బంగారం ఉన్న పేదరాయి పాత ధరలో దాదాపు 14 డాలర్లు తెస్తుంది, చెత్తే. బంగారం డబుల్ అయ్యాక అదే రాయి దాదాపు 18 డాలర్లు తెస్తుంది, ఇప్పుడు అది ఓర్, అంటే మిల్లులో వేస్తే గిట్టే రాయి. సంతోషమే, గని ఆయుష్షు పెరిగింది, రిజర్వుల అంకె పెరిగింది. కానీ ఆ రాయిలో చేతికొచ్చే బంగారం టన్నుకి 0.065 గ్రాములే, మన మామూలు రాయిలో 0.16. మిల్లు సైజు మారలేదు కాబట్టి ఈ పేదరాయిని ఇవాళే మిల్లులో వేస్తే మంచి రాయి వెయిట్ చేయాలి, ఆ రోజు బంగారం తగ్గుతుంది! అందుకే మామూలుగా దాన్ని పక్కన స్టాక్‌పైల్ పోసి గని చివరి ఏళ్ళకి ఉంచుతారు. ధర పెరిగిన ఫలితం పదిహేనేళ్ళ తర్వాత వచ్చే కొన్ని ఔన్సులు.

సరే, రాయి పెంచలేం, ఉన్న రాయిలోంచి రికవరీ పెంచొచ్చు కదా అంటారు. పైన 65 శాతమే పట్టుకుంటున్నాం అన్నాను కదా, మిగతా 35 శాతం టైలింగ్స్‌లో పోతోంది, అది చూస్తే ఎవరికైనా మనసు పీకుతుంది, నాకూ పీకేది. ఆ పోయే బంగారంలో కొంత పైరైట్‌తో పోతుంది. పైరైట్ అంటే ఇనుము, గంధకమే, దాంట్లో రాగి ఉండదు, అందుకే సున్నం వేసి పీహెచ్ పెంచి దాన్ని కావాలనే కిందకి తోసేస్తాం. సున్నం తగ్గిస్తే పైరైట్ కూడా తేలుతుంది, దాంతో పాటు కొంత బంగారం వస్తుంది. నేను పనిచేసిన ఒక ప్లాంట్‌లో సరిగ్గా ఇదే చేయమన్నారు, చేశాం.

లెక్క అదే గనికి వేద్దాం. 4.4 కిలోల రాగి 26 శాతం కాన్సంట్రేట్‌లో ఉందంటే, టన్ను రాయికి 17 కిలోల కాన్సంట్రేట్ వస్తుంది. పైరైట్‌ని పైకి రానిస్తే అది 20 కిలోలు అయింది, రాగి గ్రేడ్ 22 శాతానికి పడింది. బంగారం రికవరీ 65 నుంచి 68కి వెళ్ళింది. మూడు పాయింట్ల లాభం అంటే టన్ను రాయికి 0.0075 గ్రాములు, ఔన్సు 2,000 దగ్గర దాదాపు అర డాలర్. అదనంగా వచ్చిన ఆ 3 కిలోల పైరైట్‌ని ఓడలో మోయడానికి, స్మెల్టర్‌లో కరిగించడానికి టన్నుకి కలిపి 150 డాలర్లు వేసుకున్నా 45 సెంట్లు. అంటే లాభం మొత్తం అక్కడికి అక్కడే పోయింది. ఔన్సు 4,000 దగ్గర లాభం దాదాపు డాలర్, ఖర్చు అదే 45 సెంట్లు, అప్పుడు గిట్టుబాటు అవుతుంది. కానీ చూడండి, ధర రెట్టింపు అయితే ఈ దారిలో పెరిగిన బంగారం 65లో 3, అంటే ఐదు శాతం లోపే. అది కూడా ఒక్కసారికే, ఆ మూడు పాయింట్లు దొరికాక ధర మళ్ళీ డబుల్ అయినా ఇంకో మూడు రావు.

మా ప్లాంట్‌లో అది కూడా నిలబడలేదు, ఎందుకంటే ఆ పైరైట్‌తో పాటు ఆర్సెనిక్ వచ్చింది. లాట్ శాంపిళ్ళు వచ్చాక కొనేవాళ్ళు పెనాల్టీ వేశారు, తర్వాతి లాట్‌కి అసలు తీసుకోం అన్నారు, స్మెల్టర్లకి ఆర్సెనిక్ లిమిట్లు చాలా గట్టిగా ఉంటాయి. ఆరు వారాలకి సున్నం మళ్ళీ పాత లెవెల్‌కి. అప్పట్నుంచి ఎవరైనా బంగారం రికవరీ పెంచాం అని చెప్తే నేను ముందు అడిగేది కాన్సంట్రేట్ గ్రేడ్ ఎంతకి పడింది, ఆర్సెనిక్ ఎంత అని. ఆ రెండూ చెప్పకుండా రికవరీ ఒక్కటే చెప్తే అది సగం కథ.

ఇక పెద్ద ఉదాహరణ, నిజమైన గని, అంకెలు అందరికీ తెలిసినవే. ఇండోనేషియా పపువాలో గ్రాస్‌బర్గ్, ఫ్రీపోర్ట్ అనే కంపెనీ నడుపుతుంది. ప్రపంచంలోనే పెద్ద బంగారు నిల్వల్లో ఒకటి, కానీ నడిచేది రాగి గనిగా. 2018లో అక్కడ సుమారు 24 లక్షల ఔన్సుల బంగారం వచ్చింది, అంటే దాదాపు 75 టన్నులు, ప్రపంచం మొత్తం గనుల ఉత్పత్తిలో రెండు శాతం దాకా. ఆ ఏడాది బంగారం సగటు ధర 1,270 డాలర్ల దగ్గర. 2019లో సగటు 1,390కి వెళ్ళింది, గ్రాస్‌బర్గ్ బంగారం 9 లక్షల ఔన్సుల లోపుకి పడింది. 2020లో ధర 1,770, ఉత్పత్తి ఇంచుమించు అక్కడే, ఎనిమిదిన్నర లక్షలు. రెండేళ్ళలో ధర నలభై శాతం పెరిగింది, ఉత్పత్తి మూడింట రెండొంతులు తగ్గింది.

ఏమైందంటే ఓపెన్ పిట్ అయిపోయింది. 2018లో పిట్ అడుగున మిగిలిన రిచ్ రాయి తీస్తున్నారు, టన్నుకి ఒకటిన్నర గ్రాము బంగారం పైన ఉంది, రోజుకి లక్షా డెబ్బై వేల టన్నులకి పైగా నూరారు. 2019లో పిట్ మూసి అండర్‌గ్రౌండ్ బ్లాక్ కేవ్‌కి మారారు, నూరింది రోజుకి లక్షా పది వేల టన్నుల దగ్గరికి తగ్గింది, గ్రేడ్ గ్రాము కిందకి దిగింది. ఈ మార్పు ఎప్పుడు రావాలో పదేళ్ళకి పైగా ముందే ప్లాన్‌లో ఉంది, సొరంగాలు ఎప్పట్నుంచో తవ్వుతున్నారు. 2019లో బంగారం ధర ఎంతుందో ఆ ప్లాన్‌కి తెలియదు, తెలిసినా చేయగలిగింది ఏమీ లేదు.

బ్లాక్ కేవ్ ఎందుకు తొందరపెట్టలేరో కూడా చెప్పాలి, ఇక్కడే అసలు విషయం ఉంది. ఓర్ బాడీ కింద ఒక పొరని పేల్చి ఆధారం తీసేస్తారు, పైనున్న రాయి తన బరువుకి తానే విరిగి కిందకి జారుతుంది, కింద వరసగా ఉన్న డ్రా పాయింట్ల దగ్గర లోడర్లు దాన్ని తోడుకుంటాయి. పైన రాయి విరిగే స్పీడ్ కంటే కింద ఎక్కువ తోడితే మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది, అది ఒక్కసారి కూలితే గాలి దెబ్బకే మనుషులు పోతారు. ఒక పాయింట్‌లో ఎక్కువ, పక్క పాయింట్‌లో తక్కువ తోడితే పైనుంచి చెత్తరాయి, నీళ్ళు, బురద దారి చేసుకుని దిగుతాయి. అందుకే ప్రతి పాయింట్‌కి రోజుకి ఎంత తోడాలో డ్రా కంట్రోల్ వాళ్ళు రాసిస్తారు, దానికీ బంగారం ధరకీ సంబంధం లేదు. కొత్త డ్రా పాయింట్లు తెరుస్తూ పోతేనే టన్నులు పెరుగుతాయి, అది నెల నెలా మెల్లగా జరిగే పని.

అలా తెరుస్తూ పోయి 2021లో సుమారు 14 లక్షల ఔన్సులకి, 2022లో 18 లక్షలకి చేరారు. ఆ రెండేళ్ళు బంగారం సగటు ధర దాదాపు కదల్లేదు, రెండిట్లోనూ 1,800 దగ్గరే. ధర పెరుగుతున్నప్పుడు ఉత్పత్తి పడిపోయింది, ధర నిలబడి ఉన్నప్పుడు ఉత్పత్తి డబుల్ అయింది. ధర చూసి సప్లై ఊహించేవాళ్ళు ఈ ఐదేళ్ళూ తప్పుతారు, మైన్ ప్లాన్ చూసినవాళ్ళు కరెక్ట్‌గా చెప్తారు.

తర్వాత 2025 సెప్టెంబర్ 8న అదే బ్లాక్ కేవ్‌లో బురద దూసుకొచ్చింది, దాదాపు 8 లక్షల టన్నుల తడి మట్టీ రాయీ కింది లెవెల్స్‌లోకి వచ్చింది, ఏడుగురు కార్మికులు చనిపోయారు. ఆ వారం బంగారం 3,600 డాలర్ల దగ్గర, అప్పటికి రికార్డు. గని ఆగిపోయింది. అండర్‌గ్రౌండ్‌లో పనిచేసిన ఎవరికైనా ఆ ఏడుగురి సంగతి ముందు గుర్తొస్తుంది, ధర తర్వాత. అదే కొండలో దెబ్బ తగలని వేరే అండర్‌గ్రౌండ్ గనులని అక్టోబర్ చివర్లో మళ్ళీ మొదలుపెట్టారు, కానీ బ్లాక్ కేవ్‌ని తిరిగి నిలబెట్టడం దశలవారీగానే జరగాలి, ధర ఎంతున్నా ఆ బురదని తీసే పద్ధతి ఒకటే.

ఇంకో కారణం చాలామందికి తెలియదు, స్ట్రీమింగ్. రాగి కంపెనీ పక్కగా వచ్చే బంగారాన్ని ముందే అమ్మేసుకుంటుంది. బ్రెజిల్‌లో వాలే కంపెనీ సలోబో రాగి గని చూడండి. 2013, 2015, 2016 మూడు విడతల్లో ఆ గని బంగారంలో మొత్తం 75 శాతాన్ని, ఇప్పుడు వీటన్ ప్రెషస్ మెటల్స్ అని పిలిచే కంపెనీకి గని ఆయుష్షంతా ఇచ్చేలా ఒప్పందం చేసుకుంది. ముందు వందల కోట్ల డాలర్లు చేతికి తీసుకుంది, తర్వాత ప్రతి ఔన్సు ఇచ్చినప్పుడు దానికి వచ్చేది 400 డాలర్ల పైచిలుకే. మరి బంగారం 2,000 అయినా 4,000 అయినా ఆ నాలుగింట మూడొంతుల మీద గని నడిపేవాళ్ళకి వచ్చేది అదే 400. నేను పైన చెప్పిన సున్నం లెక్కని 400 డాలర్లతో వేయండి, పైరైట్‌ని పైకి తేవడానికి ఎవరూ చెయ్యి కదపరు. ధర సిగ్నల్ మిల్లు దాకా రానే రాదు, స్ట్రీమింగ్ కంపెనీ బ్యాంకు అకౌంట్ దగ్గరే ఆగిపోతుంది. పనామాలో కోబ్రే పనామా గని కూడా అంతే, దాని బంగారం ఫ్రాంకో నెవాడా అనే ఇంకో స్ట్రీమింగ్ కంపెనీకి స్ట్రీమ్ అయ్యేది. 2023 నవంబర్‌లో అక్కడి సుప్రీం కోర్టు గని ఒప్పందం చట్టం రాజ్యాంగ విరుద్ధం అనేసరికి గని ఆగింది, ఏటా లక్ష ఔన్సులకి పైగా బంగారం కూడా దాంతో పాటే ఆగింది. బంగారం 2,000 దాటుతున్న టైం అది.

వెండి గనుల దగ్గర కథ కొంచెం తేడా. అక్కడ మామూలుగా మిల్లు చిన్నది. అలాస్కాలో హెక్లా కంపెనీ వాళ్ళ గ్రీన్స్ క్రీక్ తీసుకోండి, వెండి గని, ఈమధ్య ఏడాదికి సుమారు 55 నుంచి 60 వేల ఔన్సుల బంగారం పక్కగా వస్తోంది, జింక్, సీసం కూడా వస్తాయి. ఇలాంటి చోట ఒక స్టోప్‌లో, అంటే భూమి లోపల ఖనిజం తవ్వే ఒక గదిలో, బంగారం ఎక్కువ, ఇంకో స్టోప్‌లో వెండి ఎక్కువ ఉండొచ్చు, కాబట్టి ప్లానింగ్ వాళ్ళు ఈ క్వార్టర్‌లో బంగారం ఉన్న స్టోప్ ముందు తవ్వుదాం అనుకోవచ్చు. ఇది నిజమైన స్పందనే, నేను కాదనను. కానీ అది వచ్చే ఏడాది బంగారాన్ని ఈ ఏడాదికి జరపడం, కొత్త బంగారం కాదు, పైగా బంగారం ధర పెరిగినప్పుడు వెండి కూడా ఎక్కువసార్లు పక్కనే పెరుగుతుంది కాబట్టి స్టోప్ మార్చాలన్న ఒత్తిడి కూడా అంతగా రాదు.

స్పందన నిజంగా కనపడేది బంగారం వాటా విలువలో సగం దాకా వెళ్ళినప్పుడు. అప్పుడు దాన్ని బైప్రొడక్ట్ అనకూడదు, కో ప్రొడక్ట్ అనాలి. ఆస్ట్రేలియాలో కేడియా అలాంటిది, రాగీ బంగారమూ రెండూ నడుపుతాయి, అక్కడ బంగారం కోసం విడిగా, బరువు తేడాతో దాన్ని వేరుచేసే గ్రావిటీ సర్క్యూట్ కూడా ఉంది. కొత్త గని కట్టాలా వద్దా అన్న నిర్ణయంలో కూడా బంగారం ధర లెక్కకి వస్తుంది, కాకపోతే టైం చూడండి: మంగోలియాలో ఓయు తోల్గోయ్ నిల్వ 2001లో దొరికింది, ఓపెన్ పిట్ నుంచి కాన్సంట్రేట్ 2013లో, అండర్‌గ్రౌండ్ ఉత్పత్తి 2023లో. ఆ మధ్యలో బంగారం ఎన్నిసార్లు పైకీ కిందకీ వెళ్ళిందో.

కాబట్టి మీరు ఏదైనా గని నుంచి వచ్చే ఏడాది ఎంత బంగారం వస్తుందో చూడాలంటే ధరల చార్ట్ పక్కన పెట్టి ఆ కంపెనీ క్వార్టర్లీ రిపోర్ట్‌లో మూడు అంకెలు వెతకండి: రోజుకి ఎన్ని టన్నులు నూరుతున్నారు, టన్నుకి బంగారం గ్రేడ్ ఎంత, రికవరీ ఎంత. మూడిటినీ గుణిస్తే రోజు బంగారం వచ్చేస్తుంది. ధర ప్రభావం కనపడేది వేరే చోట, రాగి పౌండుకి నెట్ క్యాష్ కాస్ట్ అనే లైన్‌లో, ఎందుకంటే బంగారం ఆదాయాన్ని అక్కడ రాగి ఖర్చులోంచి తీసేస్తారు, గ్రాస్‌బర్గ్‌లో అది 2024లో సున్నా కిందకి కూడా వెళ్ళింది. ఆ లైన్ పడుతూ, పైన మూడు అంకెలు మాత్రం కదలకుండా ఉంటే మీరు చూస్తున్నది అసలైన బైప్రొడక్ట్ గని.